గోడలో పాత తీగ, హాల్లో కొత్త టీవీ: 4కె 120 హెర్ట్జ్ ప్రాజెక్టు డైరీ

జూన్ 8, ఆదివారం

మా కంప్యూటర్ చిన్న గదిలో ఉంటుంది. ఆ గది గోడకు అవతల హాలు, హాల్లో మొన్న కొన్న 55 అంగుళాల టీవీ. ఆరేళ్ల కిందట ఇల్లు కట్టించేటప్పుడే, ఎప్పటికైనా పనికొస్తుందని ఆ గది నుంచి టీవీ దాకా గోడలో పైపు వేయించి, అందులో పది మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి లాగించి ఉంచాను. పైపు నేరుగా గోడకు అడ్డంగా పోదు. గదిలో పైకెక్కి, స్లాబు వెంట నడిచి, తలుపు చుట్టూ తిరిగి, హాల్లో టీవీ వెనక దిగుతుంది. ఈ రోజు టేపుతో కొలిచాను. ఎనిమిదిన్నర మీటర్లు వచ్చింది.

అనుకున్న పని ఇది: గదిలోని కంప్యూటర్‌ను కదపకుండా, హాల్లో టీవీ మీద 4కె స్పష్టతతో, సెకనుకు 120 సార్లు మారే బొమ్మ రావాలి. రంగులు పూర్తిగా రావాలి, వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ పనిచేయాలి. గదిలో బల్ల మీద ఉన్న మానిటర్ కూడా 4కె, దాని సామర్థ్యం 144 హెర్ట్జ్. అది కూడా నిండుగా నడవాలి. గ్రాఫిక్స్ కార్డుకు హెచ్‌డీఎంఐ 2.1 రంధ్రం ఒకటి, డిస్‌ప్లేపోర్ట్ 1.4 రంధ్రాలు మూడు ఉన్నాయి.

గోడలోని కేబుల్‌ను తగిలించి టీవీ వేశాను. బొమ్మ వెంటనే వచ్చింది. విండోస్ సెట్టింగుల్లో `Advanced display` తెరిచి చూస్తే, 4కె దగ్గర 60 హెర్ట్జ్ మించి ఏదీ లేదు. టీవీ పెట్టె మీద 120 అని ఉంది, కార్డు పెట్టె మీదా ఉంది. మధ్యలో ఎక్కడో ఆగిపోతోంది. అది కార్డా, టీవీనా, తీగా అన్నది తేల్చకుండా కొత్తది ఏదీ కొనకూడదని మొదటి రోజే నియమం పెట్టుకున్నాను.

జూన్ 9, సోమవారం

ఆఫీసు నుంచి వచ్చాక కాగితం మీద లెక్క వేశాను. ఈ లెక్క ఒక్కసారి చేతితో వేసుకుంటే, దుకాణంలో పెట్టెల మీద రాసే అంకెలు ఇక అయోమయపెట్టవు.

4కె తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. మొత్తం సుమారు 83 లక్షలు. సెకనుకు 120 సార్లు పంపాలంటే 99 కోట్ల పైచిలుకు చుక్కలు. కానీ కనిపించే చుక్కలతోనే లెక్క తీరదు. ప్రతి వరుస చివరా, ప్రతి బొమ్మ చివరా కొంత ఖాళీ సమయం కూడా పంపాలి. పాత పిక్చర్ ట్యూబుల కాలం నుంచి వస్తున్న పద్ధతి అది. ఇప్పుడు ఆ ఖాళీలో శబ్దమూ, ఇతర సమాచారమూ ప్రయాణిస్తాయి. టీవీల ప్రామాణిక కొలత ప్రకారం ఖాళీతో కలిపి ఒక్కో బొమ్మ 4400 × 2250 అవుతుంది. అంటే 120 హెర్ట్జ్ దగ్గర సెకనుకు 118.8 కోట్ల చుక్కలు.

ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మామూలుగా రంగుకు ఎనిమిది చొప్పున 24 బిట్లు కావాలి. హెచ్‌డీఆర్‌కు రంగుకు పది చొప్పున 30 బిట్లు. గుణిస్తే మొదటిది 28.5 గిగాబిట్లు, రెండోది 35.6 గిగాబిట్లు, అదీ ఒక్క సెకనుకు.

ఇక ఈ బిట్లు పోయే గొట్టాల సంగతి, అంటే ఒక్కో హెచ్‌డీఎంఐ స్థాయిలో సెకనుకు ఎన్ని బిట్లు పడతాయన్నది. 2013 నాటి హెచ్‌డీఎంఐ 2.0 గొట్టంలో 18 గిగాబిట్లు పోతాయని చెబుతారు. కానీ పంపే ప్రతి పది బిట్లలో రెండు కట్టుదిట్టం కోసం పోతాయి కాబట్టి బొమ్మకు మిగిలేది 14.4. అదే 4కె 60 హెర్ట్జ్‌కు 24 బిట్లతో కావలసింది 14.26. అంటే 2.0 గొట్టం 4కె 60కి అంచుల దాకా నిండుతుంది, ఆ పైన చుక్క కూడా పట్టదు. నిన్న నాకు 60 దగ్గర గోడ తగలడంలో వింత లేదు. 2017లో వచ్చిన 2.1 గొట్టం 48 గిగాబిట్లది, బొమ్మకు అందేది 42.6. నాకు కావలసిన 35.6 అందులో హాయిగా పడుతుంది.

కాగితం ప్రకారం కార్డు సరిపోతుంది. టీవీ సరిపోవాలి. తీగ ఏమిటో చూడాలి.

జూన్ 11, బుధవారం

టీవీని గోడ నుంచి కొంచెం ముందుకు లాగి, ఫోను లైటు వేసి వెనక చూశాను. నాలుగు హెచ్‌డీఎంఐ రంధ్రాలు. వాటిలో మూడో దాని పక్కనా, నాలుగో దాని పక్కనా మాత్రమే చిన్న అక్షరాల్లో 4కె, 120 హెర్ట్జ్ అని అచ్చు ఉంది. నా తీగ ఒకటో రంధ్రంలో ఉంది. మూడో దాంట్లో సౌండ్‌బార్ ఉంది, ఎందుకంటే ఈఆర్క్ అన్న గుర్తు దానికే ఉంది, టీవీ శబ్దం వెనక్కి సౌండ్‌బార్‌కు వెళ్లేది ఆ దారిలోనే. కాబట్టి కంప్యూటర్‌కు మిగిలింది నాలుగోది ఒక్కటే. ఎవరికైనా 120 హెర్ట్జ్ కావలసిన పరికరాలు రెండు ఉండి, సౌండ్‌బార్ కూడా ఉంటే, ఇలాంటి టీవీలో ఒకటి బయటే ఉండిపోతుంది. కొనే ముందే రంధ్రాలు లెక్కపెట్టుకోవాలి. కంప్యూటర్ తీగను సౌండ్‌బార్‌లోకి పెట్టి అక్కడి నుంచి టీవీకి ఇచ్చే దారి కూడా ఉంది కానీ, మా సౌండ్‌బార్ లోపలి దారి 60 హెర్ట్జ్ వరకే. దాని గుండా వెళ్తే మొత్తం గొలుసు దాని స్థాయికి పడిపోతుంది.

నాలుగో రంధ్రానికి మార్చాను. అయినా 60 దగ్గరే ఉంది.

టీవీ తన గురించి కంప్యూటర్‌కు ఏమని చెప్పుకుంటోందో చూడాలనిపించింది. తీగ తగిలించిన ప్రతిసారీ టీవీ ఒక చిన్న పట్టీ పంపుతుంది. నేను ఇన్ని చుక్కలు చూపగలను, ఇన్ని హెర్ట్జ్ భరించగలను, నా గొట్టం ఇంత అని అందులో ఉంటుంది. దాన్ని చదవడానికి లైనక్స్ పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్‌ను లేపి ఈ రెండు ఆదేశాలు ఇచ్చాను:

```
sudo apt install edid-decode
edid-decode /sys/class/drm/card0-HDMI-A-1/edid
```

కొన్ని యంత్రాల్లో `card0` బదులు `card1` ఉంటుంది. వచ్చిన పొడవాటి జాబితాలో నేను వెతికింది ఒక్క వరుస కోసం: `Max Fixed Rate Link`. హెచ్‌డీఎంఐ 2.1 కొత్త పద్ధతిలో తీగలోని నాలుగు దారులూ బొమ్మను మోస్తాయి, ఒక్కో దారి ఎంత వేగం భరిస్తుందో ఆ వరుసలో ఉంటుంది. ఆ వరుస అసలు లేనే లేదు. అంటే టీవీ తనను తాను పాత 2.0 టీవీగా పరిచయం చేసుకుంటోంది.

రిమోటుతో టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి, ఇన్‌పుట్ సిగ్నల్ అన్న చోట నాలుగో రంధ్రాన్ని మామూలు నుంచి మెరుగైన స్థితికి మార్చాను. ఈ సెట్టింగు ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పెడుతుంది, ప్రతి రంధ్రానికీ విడిగా ఉంటుంది, చాలా టీవీల్లో మొదట ఆపి ఉంచుతారు. పాత సెట్‌టాప్ బాక్సులు కొత్త పట్టీని చదవలేక తికమకపడకూడదని ఆ జాగ్రత్త. మార్చి, అదే ఆదేశం మళ్లీ ఇచ్చాను. ఈసారి ఆ వరుస కనిపించింది. నాలుగు దారుల్లో ఒక్కోదానికి 10 గిగాబిట్ల వరకు ఉంది. మొత్తం 40.

48 కాదు, 40. పెట్టె మీద మాత్రం 2.1 అనే ఉంది. ఇందులో మోసం ఏమీ లేదు. 2.1 నిబంధనల్లో కొత్త సౌకర్యాలన్నీ ఐచ్ఛికాలే. పాత 2.0 స్థాయి కూడా 2.1 లోపలి భాగమే అయిపోయింది. 2021 చివర్లో ఈ విషయం మీద పెద్ద చర్చే జరిగింది: 120 హెర్ట్జ్ రాని తెరకు కూడా 2.1 అని పేరు పెట్టవచ్చు. కాబట్టి 2.1 అన్న అంకెను చూసి ఏదీ కొనకూడదు. ఎన్ని గిగాబిట్లు, ఏ రంధ్రంలో, ఏ స్పష్టత దగ్గర ఎన్ని హెర్ట్జ్, ఈ మూడూ అడగాలి. నాకు 40 చాలు. పది బిట్ల తెరకు 4కె 120 దగ్గర అంతకు మించి అవసరం లేదు.

జూన్ 12, గురువారం రాత్రి

విండోస్‌లోకి తిరిగి వచ్చేసరికి జాబితాలో 120 హెర్ట్జ్ కనిపించింది. ఎంచుకున్నాను. తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగి వచ్చింది. మౌసు బాణం నీటి మీద జారుతున్నట్టు కదిలింది. పని అయిపోయిందనే అనుకున్నాను.

సోఫాలో కూర్చుని వైర్‌లెస్ కీబోర్డు మీద రేపటి ఆఫీసు పని కొంచెం చూద్దామని కోడ్ తెరిచాను. నల్లటి నేపథ్యం మీద ఎర్ర అక్షరాలు ఉండే భాగం ఒకటి ఉంది. తెల్ల అక్షరాలు సూదితో చెక్కినట్టున్నాయి. ఎర్రవి మాత్రం తడి కాగితం మీద సిరాలా అంచులు చెదిరి ఉన్నాయి. దగ్గరికి వెళ్లి, తెరకు అడుగు దూరంలో నిలబడి చూశాను. గీత ఒక్క చుక్క మందం ఉండాల్సిన చోట రెండు చుక్కల మందంతో, రంగు పక్కకు కారినట్టు ఉంది.

`Advanced display` పేజీలో కింద `Color format` అన్న వరుస ఉంటుంది. అక్కడ `RGB` అని ఉండాలి. `YCbCr420` అని ఉంది.

సోమవారం వేసిన లెక్క కాగితం తీశాను. 4:2:0 అనే పద్ధతిలో వెలుతురు సమాచారం ప్రతి చుక్కకూ పంపుతారు, రంగు సమాచారం మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒక్కసారే పంపుతారు. చుక్కకు సగటున 24 బిట్ల బదులు 12 సరిపోతాయి. 118.8 కోట్లను 12తో గుణిస్తే 14.26. సరిగ్గా 4కె 60కి కావలసిన సంఖ్యే. అంటే గొట్టం ఇప్పటికీ పాత 18 గిగాబిట్లదే. హెర్ట్జ్ రెట్టింపు చేయడానికి రంగును కోసి, అదే గొట్టంలో కుక్కి పంపుతోంది. సినిమా చూస్తే ఎవరికీ తెలియదు, సినిమా డిస్కుల్లోనూ రంగు అలాగే ఉంటుంది. అక్షరాలు చదివితే, ఆటలో సన్నటి రంగు గీతలు చూస్తే తెలుస్తుంది.

తెర మీద 120 అని కనిపించగానే పని అయిందనుకోకూడదు. రంగు పద్ధతి, రంగు లోతు ఉన్న వరుసలు కూడా చదివాకే లెక్క.

ఇంకో ప్రశ్న మిగిలింది. గొట్టం పాతదే అయితే జాబితాలోకి 120 ఎలా వచ్చింది? టీవీ పంపే ఆ పరిచయ పట్టీ బొమ్మ వెళ్లే దారుల్లో రాదు. దానికి తీగలో విడిగా చాలా నెమ్మదైన దారి ఉంది. ఎంత పాత తీగైనా దాన్ని తప్పు లేకుండా మోస్తుంది. కాబట్టి టీవీ చేయగలనన్నదంతా కంప్యూటర్‌కు తెలుస్తుంది. తీగ మోయగలదా లేదా అన్నది అసలు వేగంతో పంపి చూశాకే బయటపడుతుంది. 2.1 పద్ధతిలో రెండు పరికరాలూ ముందు ఒక వేగం దగ్గర సాధన చేసి చూసుకుంటాయి, తప్పులు వస్తే మెట్టు దిగుతాయి, ఏ మెట్టూ కుదరకపోతే పాత పద్ధతికి వెళ్లిపోతాయి. గోడలోని తీగ దగ్గర జరిగింది అదేనని నా అనుమానం. రుజువు చేయాలి.

జూన్ 14, శనివారం

కంప్యూటర్ క్యాబినెట్‌ను మోసుకొచ్చి హాల్లో పీట మీద పెట్టాను. తమ్ముడు పనిచేసే చోట ఆట యంత్రంతో వచ్చిన రెండు మీటర్ల కేబుల్ ఉంటే అడిగి తెచ్చుకున్నాను. దాని ఒంటి మీద అల్ట్రా హై స్పీడ్ హెచ్‌డీఎంఐ అని అచ్చు ఉంది.

నాలుగో రంధ్రానికి తగిలించగానే 120 హెర్ట్జ్, `RGB`, పది బిట్లు. హెచ్‌డీఆర్ కూడా పడింది. మొన్నటి ఎర్ర అక్షరాలు తెరిచాను, తెల్లవాటితో సమానంగా పదునుగా ఉన్నాయి. గంటసేపు ఆట నడిపాను, ఒక్కసారీ చెదరలేదు.

కార్డూ నిర్దోషి, టీవీ కూడా. తప్పంతా గోడలో ఉంది.

కేబుళ్ల పేర్ల గురించి ఇక్కడే రాసుకుంటున్నాను. రంధ్రాలకు 2.0, 2.1 అని అంకెలు ఉంటాయి కానీ కేబుల్‌కు అంకె ఉండదు. లైసెన్సు ఇచ్చే సంస్థే కేబుళ్ల మీద ఆ అంకెలు వాడవద్దని చెబుతుంది. కేబుల్‌కు ఉండేది తరగతి. హై స్పీడ్ అంటే పాత 10 గిగాబిట్ల కాలానిది. ప్రీమియం హై స్పీడ్ అంటే 18 గిగాబిట్లకు పరీక్షించినది. అల్ట్రా హై స్పీడ్ అంటే 48కి పరీక్షించినది. మూడో తరగతి పెట్టె మీద మెరిసే చీటీ, దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటాయి. ఆ సంస్థ ఇచ్చే ఫోను యాప్‌తో స్కాన్ చేస్తే, ఆ కేబుల్ ఏ పొడవు దగ్గర పరీక్ష నెగ్గిందో కూడా చూపిస్తుంది. నా గోడలో ఉన్నది బయటకు కనిపించినంత మేర చదివాను. హై స్పీడ్ అని మాత్రమే ఉంది. ఆరేళ్ల కిందట అది నాకు చాలా మంచి కేబుల్.

జూన్ 15 నుంచి 18 వరకు

ఆదివారం ఒక పది మీటర్ల కేబుల్ తెప్పించాను, మామూలు రాగి తీగదే. పెట్టె మీద 8కె, 48 గిగాబిట్లు అని పెద్ద అక్షరాలు. స్కాన్ చేయడానికి చీటీ లేదు. అయినా చూద్దామని గోడలోకి లాగకుండా, తలుపు కింది నుంచి నేల మీద పరిచి తగిలించాను.

60 హెర్ట్జ్ దగ్గర నిక్షేపంలా ఉంది. 120 హెర్ట్జ్, ఎనిమిది బిట్లు, అదీ బాగానే ఉంది, రంగు `RGB`. హెచ్‌డీఆర్ వేసి పది బిట్లకు మార్చగానే కష్టం మొదలైంది. పది నిమిషాలకోసారి తెర రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తుంది.

సోమవారం సాయంత్రం నాన్న హాల్లోకి వచ్చి ఫ్యాను స్విచ్ వేశారు. అదే క్షణంలో తెర ఆరిపోయింది.

"ఏమిటిరా, నేను ఫ్యాను వేస్తే టీవీ ఆరిపోతోంది?" అన్నారు.

"మళ్లీ ఆపి వేయండి నాన్నా."

ఆపారు, వేశారు. ఐదుసార్లలో మూడుసార్లు ఆరింది. నేను వారం రోజులుగా కోరుకున్న పరీక్ష నాన్న చేతిలో దొరికింది. తీగలో సంకేతం పూర్తి బలంతో ఉంటే ఫ్యాను స్విచ్ దగ్గర పుట్టే చిన్న మెరుపు దాన్ని ఏమీ చేయలేదు. అంచు మీద నిలబడిన సంకేతాన్ని మాత్రం ఆ కాస్త కుదుపు పడదోస్తుంది. ఎనిమిది బిట్ల దగ్గర ఎన్నిసార్లు స్విచ్ వేసినా బొమ్మ కదల్లేదు.

దీనికి కారణం మెట్లలో ఉంది. 4కె 120, ఎనిమిది బిట్లకు ఒక్కో దారిలో 8 గిగాబిట్ల మెట్టు సరిపోతుంది. 2.1 పద్ధతిలో ఖాళీ సమయాన్ని కుదించి పంపే వీలుంది కాబట్టి ఆ 28.5 ఆ మెట్టులో ఇముడుతుంది. పది బిట్లకు 10 గిగాబిట్ల మెట్టు కావాలి. రాగి తీగలో వేగం పెరిగేకొద్దీ, పొడవు పెరిగేకొద్దీ సంకేతం బలహీనపడుతుంది. ఈ పది మీటర్ల తీగ 8 వరకు మోసింది, 10 దగ్గర కాళ్లు వణికాయి.

లక్షణాన్ని బట్టి పద్ధతిని గుర్తుపట్టవచ్చని కూడా ఈ నాలుగు రోజుల్లో తెలిసింది. పాత 18 గిగాబిట్ల పద్ధతిలో తీగ బలహీనమైతే తెర మీద తెల్లటి మిణుకులు రాలుతాయి, ఒక్కో మిణుకూ ఒక తప్పు బిట్టు. కొత్త పద్ధతిలో తప్పులను సరిదిద్దే ఏర్పాటు ఉంది. అందువల్ల మిణుకులు పెద్దగా కనిపించవు. సరిదిద్దగలిగినంతసేపు బొమ్మ నిర్మలంగా ఉంటుంది, హద్దు దాటితే ఒక్కసారిగా నల్లబడుతుంది. బొమ్మ బాగుంది కదా అని తీగ బాగుందనుకోవడానికి వీల్లేదు.

నా నిర్ణయం: మామూలు రాగి కేబుల్‌ను ఈ వేగానికి మూడు మీటర్ల దాకా ధీమాగా వాడతాను, ఐదు మీటర్లు హద్దు. ఎనిమిదిన్నరకు రాగి వద్దు. తిరిగి పంపించేశాను.

జూన్ 21, శనివారం

లోపల గాజు తంతువులు ఉండే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ గురువారం వచ్చింది, పది మీటర్లది. ఖరీదు ఆ రాగి కేబుల్‌కు దాదాపు నాలుగు రెట్లు. రెండు తలల్లోనూ చిన్న చిప్పులు ఉంటాయి. ఒకటి విద్యుత్ సంకేతాన్ని కాంతిగా మారుస్తుంది, రెండోది కాంతిని తిరిగి విద్యుత్తుగా మారుస్తుంది. అందుకే దీనికి దిక్కు ఉంది. ఒక తల మీద కంప్యూటర్ వైపు అనీ, రెండో దాని మీద తెర వైపు అనీ గుర్తులుంటాయి. తిప్పి పెడితే బొమ్మే రాదు. పైపులోకి లాగాక దిక్కు తప్పిందని తెలిస్తే మళ్లీ మొత్తం బయటకు లాగాలి.

గోడలోకి పంపే ముందు రెండు రాత్రులు నేల మీదే పరిచి నడిపాను. 120 హెర్ట్జ్, పది బిట్లు, `RGB`. ఫ్యాను స్విచ్ నలభైసార్లు వేసి ఆపాను. తెర చలించలేదు. కాంతికి స్విచ్ మెరుపుతో పని లేదు.

పైపు సంగతి వేరే లెక్క. అది 25 మిల్లీమీటర్ల పైపు, లోపలి ఖాళీ ఇంకా తక్కువ, పైగా మధ్యలో రెండు మలుపులు. మామూలు హెచ్‌డీఎంఐ తల దాదాపు 20 మిల్లీమీటర్ల వెడల్పు, గట్టి ప్లాస్టిక్కు. సూటి పైపులో దూరవచ్చు కానీ మలుపు తిరగదు. ఆరేళ్ల కిందట ఆ తలతో కేబుల్ ఎలా పట్టిందంటే, అప్పుడు గోడ పూత పూయకముందే, పైపు ముక్కల్లో ముందే దూర్చి, తర్వాత అతికించారు. అందుకే ఈసారి తెర వైపు తల విడిపోయే రకం ఎంచుకున్నాను. లోపలి చివర చిన్న తల ఉంటుంది, బయటకు వచ్చాక దానికి మామూలు తల తొడగాలి.

లీడ్స్‌లో టెస్టు మ్యాచ్ రెండో రోజు. మూడున్నరకు ఆట మొదలవుతుంది, నాన్న అప్పటికి హాలు తిరిగి ఇమ్మన్నారు. ఎలక్ట్రీషియన్ గారు పదకొండుకు వచ్చారు. పాత కేబుల్‌కు కొత్తదాన్ని కట్టి లాగుదామని నేనంటే వద్దన్నారు.

"పాతదాని తల మలుపులో పట్టుకుంటే మీ కొత్త తీగ మీద బరువు పడుతుందండీ. ముందు పాతది కోసి తీసేద్దాం. స్ప్రింగు వైరు పంపి, దాని వెనక తాడు లాగి, తాడుతో ఇది లాగుదాం."

ఆయన మాటే సరైనది. పాతదాని తలను గదివైపు కోసేసి హాలు వైపు నుంచి లాగితే, గట్టిగా బిగుసుకుని చివరికి వచ్చింది. స్ప్రింగు వైరు పంపడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చిన్న తల మీద కేబుల్‌తో వచ్చిన లాగుడు తొడుగు వేసి, దాని మీద టేపు నునుపుగా చుట్టి, పౌడరు రాశారు. ఆయన తాడు లాగుతుంటే నేను గదిలో నిలబడి కేబుల్‌ను పెద్ద చుట్టల్లో మెలిక పడకుండా అందించాను. ఒక్కసారి అలవాటుగా బాక్సు మూల దగ్గర తీగను వేలితో వంచి సర్దబోయారు. ఆపమన్నాను. రాగి తీగ ఎంత వంచినా వంగుతుంది, గాజు తంతువు గట్టి మడత దగ్గర పగులుతుంది, లేదా కాంతి బయటకు కారుతుంది. పగిలితే అతికించే పని కాదు, కొత్తది కొనాల్సిందే. బాక్సులో మిగిలిన మీటరున్నరను అరచేతి వెడల్పు చుట్టగా వదిలాం.

రెండుంపావుకు తల తొడిగి, నాలుగో రంధ్రంలో పెట్టాను. బొమ్మ వచ్చింది. 120, పది బిట్లు, `RGB`. మూడున్నరకు నాన్న చేతిలో రిమోటు పెట్టాను.

జూన్ 22, ఆదివారం

బల్ల మీద మానిటర్. దీనికి ఒక్క పూట చాలింది.

మానిటర్‌ను డిస్‌ప్లేపోర్ట్‌తో తగిలిస్తే ఇదీ 60 దగ్గరే ఆగింది. టీవీ నేర్పిన పాఠంతో ముందు మానిటర్ మెనూలోకే వెళ్లాను. అక్కడ డిస్‌ప్లేపోర్ట్ స్థాయి 1.2 అని ఉంది, ఎంచుకోవడానికి 1.4 కూడా ఉంది. 1.2 గొట్టంలో బొమ్మకు అందేది 17.28 గిగాబిట్లు, 4కె 60 మాత్రమే సులువుగా పడుతుంది. 1.4కి మార్చగానే 144 కనిపించింది.

అయితే 1.4 గొట్టంలో బొమ్మకు అందేది 25.92. 4కె 144కు ఎనిమిది బిట్లతోనే, ఖాళీ సమయాన్ని బాగా తగ్గించి లెక్కవేసినా 31 దాకా కావాలి. ఎలా పడుతోంది? 1.4లో డీఎస్‌సీ అనే కుదింపు ఉంది. బొమ్మను కార్డు కుదించి పంపుతుంది, మానిటర్ విప్పుతుంది. ఎర్ర అక్షరాల పరీక్ష ఇక్కడా పెట్టాను. రంగు చెదరలేదు. 4:2:0 లాగా రంగును కోసేయడం కాదు ఇది. చదవడానికి కూర్చున్న కంటికి తేడా తెలియలేదు. కుదింపు వద్దనుకునేవారు 120 హెర్ట్జ్, ఎనిమిది బిట్ల దగ్గర ఆగవచ్చు. అది 25.8, అంటే ఆ గొట్టానికి అంచు దాకా. నేను 144 దగ్గరే ఉంచాను.

మానిటర్‌తో వచ్చిన కేబుల్ మీటరున్నర పొడవుది, దానితోనే నిలకడగా నడిచింది కాబట్టి మార్చలేదు.

జూన్ 28, శనివారం

వారం గడిచింది. టీవీ ఒక్కసారీ నల్లబడలేదు. నాన్న ఫ్యాను, వంటింట్లో మిక్సీ, ఫ్రిజ్ కంప్రెసర్ అన్నీ మామూలుగా నడుస్తున్నాయి. కంప్యూటర్ నిద్ర నుంచి లేచినప్పుడు టీవీ బొమ్మ పట్టుకోవడానికి మునుపటికన్నా ఒక సెకను ఎక్కువ తీసుకుంటోంది, అంతే.

2025 జనవరిలో హెచ్‌డీఎంఐ 2.2 ప్రకటించారు. గొట్టం 96 గిగాబిట్లు, దానికి అల్ట్రా96 అనే కొత్త కేబుల్ తరగతి. మా టీవీకి దానితో పని లేదు, ఆ రంధ్రమే లేదు. కానీ ఈ గోడ టీవీ కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. పోయిన శనివారం పని ముగించేటప్పుడు ఎలక్ట్రీషియన్ గారిని అడిగి, కొత్త కేబుల్ పక్కనే పైపు పొడవునా ఒక నైలాన్ తాడు వదిలించాను. ఈ రోజు దాని రెండు చివరలకూ ముడి వేసి, బాక్సుల్లో మేకులకు కట్టి, మూతలు బిగించాను. గదివైపు మూత లోపల ఒక చీటీ అంటించాను: పైపు 25 మిల్లీమీటర్లు, పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, మలుపులు రెండు, కేబుల్ దిక్కు గది నుంచి హాలుకు.